షుగర్ ఉన్నవారి అరికాలి పుండుకు కట్టు కట్టే ముందు: గ్రామీణ వైద్యులకు ఒక సర్జన్ బహిరంగ లేఖ

ఊళ్లలో వైద్యం చేస్తున్న ఆర్ఎంపీ, పీఎంపీ మిత్రులకు,

నమస్కారం. నేను ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో జనరల్ సర్జన్‌ని. చట్టం మిమ్మల్ని ఎంతవరకు ఒప్పుకుంటుంది, మీరు ఏ వైద్యం చేయొచ్చు, ఏది చేయకూడదు అనే వాదన ఈ ఉత్తరంలో పెట్టదలచుకోలేదు. దానికి వేరే వేదికలున్నాయి. నేను రోజూ చూసేది వేరు. షుగర్ ఉన్న మనిషి కాలికి చిన్న పుండు పడితే మొదట వెళ్లేది మీ దగ్గరికే. పొలానికి పోయే ముందో, పొద్దుగూకాక పని ముగించుకునో మీ అరుగు మీద కూర్చుని కాలు చాపుతాడు. నా దగ్గరికి వచ్చేసరికి ఆ పుండుకు నెల దాటి ఉంటుంది. ఆ కాలు దక్కుతుందా లేదా అనేది చాలాసార్లు మీ దగ్గర గడిచిన ఆ నెలలోనే తేలిపోతుంది. అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను.

చెప్పదలచుకున్నది ప్రధానంగా ఒక్కటే. షుగర్ వాళ్ల అరికాలి పుండు నెలల తరబడి మానలేదంటే, చాలామందిలో మందు చాలక కాదు. ఆ మనిషి దాని మీద నడుస్తూనే ఉన్నాడు కాబట్టి. కాలికి నొప్పి తెలియదు కాబట్టి నడుస్తూనే ఉంటాడు. ఆ బరువు తీయకుండా మనం ఎంత మంచి కట్టు కట్టినా, ఎంత ఖరీదైన యాంటీబయోటిక్ రాసినా పుండు అక్కడే ఉంటుంది.

ఒక కేసు చెబుతాను. పల్నాడు వైపు మిరప రైతు, వయసు 52. షుగర్ వచ్చి 11 ఏళ్లు. మాత్రలు వేసుకుంటాడు గానీ కోతల రోజుల్లో మానేస్తుంటాడు. కుడికాలి బొటనవేలి మొదట్లో, అరికాలి వైపు, నడిచేటప్పుడు నేలకు గట్టిగా ఆనే చోట ఆయనకు ఎప్పటి నుంచో ఆనెకాయ ఉంది. ఒకరోజు ఆ ఆనె మధ్యలో నల్లటి మచ్చ కనబడుతోందని భార్య చెప్పింది. నొప్పి లేదు కాబట్టి ఆయన పట్టించుకోలేదు. కొద్ది రోజులకు ఆ మచ్చ దగ్గర చర్మం ఊడి శనగ గింజంత రంధ్రం పడింది.

ఊళ్లో డాక్టరు గారికి చూపించాడు. ఆయన శ్రద్ధగానే చూశారు. హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి కడిగి, పొడి మందు చల్లి కట్టు కట్టారు. 5 రోజులకు యాంటీబయోటిక్ మాత్రలిచ్చారు. తగ్గకపోతే మాత్రలు మార్చారు. రోజు విడిచి రోజు కట్టు మార్చారు. పైన చెక్కు కట్టింది, ఎండిపోతున్నట్టే కనిపించింది. ఈ 6 వారాలూ ఆయన హవాయి చెప్పులతో కల్లంలో తిరుగుతూనే ఉన్నాడు. కాయలు ఎండబోయడం, తాలు కాయలు ఏరించడం, టిక్కీలు తొక్కించడం, అన్నీ దగ్గరుండి చూసుకున్నాడు. కుంటలేదు, మూలగలేదు. కుంటని మనిషిని చూసి పుండు పెరుగుతోందని ఎవరనుకుంటారు?

ఏడో వారంలో ఇంట్లో ఏదో కుళ్లిన వాసన వస్తోందని వెతికారు. ఆ వాసన ఆయన కాలి కట్టు నుంచి వస్తోంది. ఆ రాత్రి చలి, వణుకు. మా దగ్గరికి తెచ్చేసరికి షుగర్ 430. అరికాలిలో చూస్తే పుండు నోరు అప్పటికీ శనగ గింజంతే. కానీ పాదం పైభాగం ఉబ్బి మెరుస్తోంది, ఎరుపు చీలమండ దాకా పాకింది. అరికాలి మధ్య గుంటలో బొటనవేలితో నొక్కితే ముందున్న రంధ్రంలోంచి చీము పొంగింది. మొద్దు మొన ఉన్న స్టీలు ప్రోబ్‌ను శుభ్రం చేసి మెల్లగా లోపలికి పంపితే గరుకుగా ఎముక తగిలింది. ఆ రాత్రే పాదం తెరిచాం. బొటనవేలు, దాని వెనక ఎముక తల తీసేయాల్సి వచ్చింది. కాలు దక్కింది. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను.

శనగ గింజంత రంధ్రం వెనక అంత చీము ఎలా చేరిందని మీకు అనుమానం రావచ్చు. అరికాలి లోపల వేళ్లను వంచే నరాలు, అంటే మనం మామూలుగా నరాలని పిలిచే ఆ కండర తాళ్లు, వేళ్ల నుంచి మడమ వైపు తొడుగుల్లో పోతుంటాయి. చీముకు బయటికి దారి లేకపోతే అది ఆ తొడుగులు పట్టుకుని వెనక్కి, పైకి పాకుతుంది. అరికాలి చర్మం మందం. కాబట్టి కింద ఎరుపు, వాపు త్వరగా కనబడవు, పాదం పైన ముందు కనబడతాయి. పైన చెక్కు కట్టిన పుండు ఎండిపోయిందని మనం సంతోషిస్తుంటే, ఆ చెక్కే చీముకు మూతగా మారుతుంది. పొడి మందులు చల్లినప్పుడు జరిగేది ఇదే.

ఇక నొప్పి సంగతి. షుగర్ చాలా ఏళ్లు అదుపు తప్పి ఉంటే స్పర్శ తెలిపే నరాలు దెబ్బతింటాయి. అది వేళ్ల చివర్ల నుంచి మొదలై రెండు కాళ్లలోనూ మెల్లగా పైకి ఎక్కుతుంది. కొందరికి ముందు తిమ్మిర్లు, మంటలు, రాత్రిళ్లు సూదులు గుచ్చినట్టు ఉంటాయి. తర్వాత అవి తగ్గిపోతాయి. రోగి బాగైందనుకుంటాడు. చాలాసార్లు నరం పూర్తిగా మొద్దుబారడం వల్ల వచ్చిన నెమ్మది అది. కొందరికైతే ఏ మంటా లేకుండానే స్పర్శ పోతుంది. కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియకుండా ఒంటి చెప్పుతో మీ గదిలోకి వచ్చిన మనిషిని మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ మనిషికి వేరే పరీక్ష అక్కర్లేదు.

దెబ్బతినేది స్పర్శ నరాలే అయితే కొంత నయం. పాదంలోని చిన్న కండరాలను నడిపే నరాలు కూడా దెబ్బతింటాయి. దాంతో వేళ్లు పక్షి గోళ్లలా కిందికి వంగి మడతపడతాయి. అరికాలి ముందు భాగంలో ఎముకల తలల కింద పరుపులా ఉండే కొవ్వు ముందుకు జరిగిపోతుంది. ఎముక తల నేరుగా చర్మం మీద ఆనుతుంది. చెమట పట్టించే నరాలు పనిచేయక చర్మం ఎండి బీటలు వారుతుంది, మడమల్లో లోతైన పగుళ్లు పడతాయి. ఎముక ఆనిన చోట చర్మం తనను కాపాడుకోవడానికి మందమై ఆనె కడుతుంది. ఆ ఆనె గట్టిపడ్డాక అదే లోపలి కండను నొక్కడం మొదలుపెడుతుంది. ఆనె మధ్యలో కనిపించే నల్లటి లేదా ఎర్రటి మచ్చ, కింద రక్తం గడ్డకట్టిందనడానికి గుర్తు. పుండు అప్పటికే లోపల తయారైంది, పైకి రావడమే మిగిలింది. మన రైతు భార్య చూసింది దాన్నే. ఆ రోజు ఎవరైనా ఆ ఆనెను బ్లేడుతో జాగ్రత్తగా చెక్కి ఉంటే ఈ కథ వేరేలా నడిచేది. ఆనె తీసేస్తేనే ఆ చోట పడే ఒత్తిడి దాదాపు పావు వంతు తగ్గుతుంది.

రోజుకు 5000 అడుగులు నడిచే మనిషి ఒక్కో కాలి మీద 2500 సార్లు ఒంటి బరువంతా మోపుతాడు. పొలం పనుల్లో ఇంకా ఎక్కువ. స్పర్శ ఉన్న మనిషికి చిన్న ముల్లు గుచ్చుకున్నా కాలు వంకర పెట్టి, మడమ మీద బరువు వేసి, ఆ చోటు నేలకు తగలకుండా నడుస్తాడు. మానేదాకా ఆ జాగ్రత్త శరీరమే చూసుకుంటుంది. నరం చచ్చిన మనిషికి ఆ కుంటడం ఉండదు. పుండులో పొద్దున పుట్టిన కొత్త కండ సాయంత్రానికి నలిగిపోతుంది. రైతులకు నేను ఇలా చెబుతుంటాను: నారు పోసిన మడిలో రోజూ ఎడ్లను తిప్పుతుంటే ఎంత ఎరువు చల్లితే నారు లేస్తుంది?

ఈ మాట నా సొంతం కాదు. డాక్టర్ పాల్ బ్రాండ్ 1946లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చి కుష్ఠు రోగుల చేతులు, కాళ్ల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. కుష్ఠు క్రిమే వేళ్లను తినేస్తుందని అప్పట్లో అందరూ అనుకునేవారు. నొప్పి తెలియని చేతుల్ని, కాళ్లని వాళ్లు రోజువారీ పనుల్లో తమకు తెలియకుండానే గాయపరచుకుంటున్నారని ఆయన గమనించారు. అరికాలి పుండ్లకు సరిగ్గా అమరేలా పిండికట్టు వేసి పాదాన్ని కాపాడితే, మందుల వల్ల మానని పుండ్లు మానేవి. కుష్ఠు రోగుల కోసం మన దేశంలో ఇచ్చే ఎంసీఆర్ చెప్పులు, అంటే మెత్తటి మైక్రోసెల్యులార్ రబ్బరు చెప్పులు, ఆ కాలపు పనిలోంచి వచ్చినవే. ఆయన 1960లలో అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్లాక అదే సూత్రం షుగర్ రోగుల పాదాలకూ సరిపోతుందని చూపించారు. ఇవాళ షుగర్ పాదం మీద అంతర్జాతీయ మార్గదర్శకాలు అరికాలి ముందు భాగపు పుండుకు మొదటి చికిత్సగా చెప్పేది కూడా బరువు దించడమే. మోకాలి దాకా ఉండి, రోగి తనంతట తాను తీసేయలేని కట్టు లేదా బూటు దానికి అన్నిటికన్నా బాగా పనిచేస్తుందని చెబుతున్నాయి. మన పక్కనే పుట్టిన ఈ జ్ఞానం మన ఊళ్ల డ్రెస్సింగ్ బల్ల దాకా రాలేదని నాకు బాధగా ఉంటుంది.

మరి మీ దగ్గర ఏం చేయొచ్చు? షుగర్ ఉన్న మనిషి దేనికి వచ్చినా, జ్వరానికి వచ్చినా బీపీకి వచ్చినా, రెండు కాళ్ల చెప్పులూ విప్పించి అరికాళ్లు, వేళ్ల సందులు చూడండి. పుండు ఉన్న కాలే కాదు, రెండోది కూడా. తర్వాత స్పర్శ చూడండి. మా దగ్గర 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ దారం, మోనోఫిలమెంట్, వాడతాం. అది లేకపోయినా పర్వాలేదు. మనిషిని కళ్లు మూసుకోమని చెప్పి, మీ చూపుడు వేలి కొనతో రెండు కాళ్ల బొటనవేలు, మధ్యవేలు, చిటికెన వేలు చివర్లను ఒక్కోదాన్ని సుతారంగా తాకండి. ఒకటి రెండు సెకన్లు చాలు. నొక్కొద్దు, తట్టొద్దు, గీరొద్దు, ఒకే వేలిని రెండోసారి తాకొద్దు. తాకినప్పుడు కుడి, ఎడమ అని చెప్పమనండి. ఆరు వేళ్లలో రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ తెలియకపోతే ఆ పాదం రక్షణ పోయిన పాదం. ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ వైద్యులు 2011లో ప్రచురించిన పరీక్ష ఇది. రూపాయి ఖర్చు లేదు, నిమిషం పట్టదు.

ఆ తర్వాత నాడి. పాదం పైభాగంలో బొటనవేలికి పోయే కండర తాడు పక్కన ఒకటి, లోపలి చీలమండ వెనక కింద ఒకటి వేళ్లకు తగలాలి. రెండూ అందకపోతే, పాదం చల్లగా ఉండి వేలు నల్లబడుతుంటే, రాత్రి కాలు మంచం కింద వేలాడేస్తేనే నెమ్మదిగా ఉంటుందని చెబితే, ఆ కాలికి రక్తం చాలడం లేదు. ఇందాక నేను బరువు గురించి చెప్పినదంతా ఇక్కడ సగమే పనిచేస్తుంది. అలాంటి కాలికి ఆనె చెక్కడం, పుండు చుట్టూ కత్తిరించడం, బిగుతుగా కట్టు కట్టడం ప్రమాదం. దాన్ని రక్తనాళాల పరీక్ష, ఆపరేషన్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికే పంపాలి, అదీ ఆలస్యం లేకుండా. బీడీ, చుట్ట అలవాటు ఉన్నవాళ్లలో ఇది మరీ చూడండి. నడిస్తే పిక్కలు పట్టేస్తాయా అని అడగడం మంచిదే కానీ, లేదన్నారని నమ్మకండి. నరాలు మొద్దుబారినవాళ్లకు ఆ నొప్పీ తెలియకపోవచ్చు.

పుండును కడగడానికి సెలైన్ చాలు. లేకపోతే మరగబెట్టి చల్లార్చిన నీళ్లు. హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్ రోజూ పోస్తే క్రిములతోపాటు కొత్తగా పుట్టే కణాలూ చస్తాయి. పొడి మందు, పసుపు, ఆకు పసరు, టూత్‌పేస్ట్ ఏదీ వద్దు. చెక్కు కట్టనివ్వకుండా, అలాగని నీరు కారేలా కాకుండా, శుభ్రమైన గాజుగుడ్డ వేసి వదులుగా కట్టండి. వేలి చుట్టూ ప్లాస్టర్ బిగించి చుట్టవద్దు. మెడికల్ షాపులో దొరికే కార్న్ క్యాప్‌లలో ఆసిడ్ ఉంటుంది, షుగర్ పాదానికి అది కొత్త పుండు తెస్తుంది. తిమ్మిర్లకు వేడినీళ్లలో కాళ్లు పెట్టుకోమని చెప్పడం మానేయండి. వేడి తెలియని కాలు కాలి బొబ్బలెక్కి వచ్చిన కేసులు మాకు మామూలే.

యాంటీబయోటిక్ గురించి ఒక్క మాట. ఎరుపు, వేడి, వాపు, నొప్పి, చీము, వీటిలో కనీసం రెండు ఉంటేనే ఆ పుండుకు ఇన్ఫెక్షన్ ఉన్నట్టు లెక్క. శుభ్రంగా ఉన్న పుండుకు యాంటీబయోటిక్ ఇస్తే త్వరగా మానదు. నిజంగా చీము పట్టిన రోజున ఆ మందుకు లొంగని క్రిమి మాత్రం తయారై ఉంటుంది. వాపు తగ్గాలని డెక్సా ఇంజెక్షన్ చేయడం మన ఊళ్లలో ఎక్కువ. దాంతో షుగర్ ఒక్కసారిగా ఎగబాకుతుంది, ఒళ్లు ఇన్ఫెక్షన్‌తో పోరాడలేదు, పైగా వాపు తగ్గినట్టు కనిపించి మనల్నీ మోసం చేస్తుంది. పుండు ఉన్న షుగర్ మనిషికి దయచేసి అది వేయకండి.

ఇప్పుడు అసలు సంగతి, నడక. కూలి చేసుకునే మనిషిని మంచం దిగొద్దని చెప్పడం తేలిక కాదని నాకు తెలుసు. ఆ మాట ఎవరూ పాటించరు కూడా. కాబట్టి ఏ పని మానాలో, ఏది మానక్కర్లేదో విడమరచి చెప్పండి. కూర్చుని చేసే పని చేసుకోవచ్చు. పొలం గట్ల మీద, కల్లంలో, సంతలో నిలబడే పని ఆపాలి. రాత్రి బాత్‌రూమ్‌కి పోయే నాలుగు అడుగులు కూడా అడుగులే, వాటికీ చంకకర్ర లేదా వాకర్ వాడాలి. ఇంట్లో కూడా ఒట్టికాళ్లతో తిరగకూడదు. ఇంకో మనిషి, భార్యో కొడుకో, ఎదురుగా ఉన్నప్పుడే ఈ మాట చెప్పండి. నొప్పి లేని మనిషి సాయంత్రానికి మర్చిపోతాడు, పక్కవాళ్లు మర్చిపోరు.

బరువు దించడానికి మేము చేసేవాటిలో తేలికైనది ఫెల్ట్. 6 నుంచి 10 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉన్ని లాంటి ఫెల్ట్ ముక్కను గుర్రపు నాడా ఆకారంలో కత్తిరించి, పుండు ఆ ఖాళీలో ఉండేలా, పుండుకు వెనక వైపు పాదానికి అంటిస్తాం. బరువు ఫెల్ట్ మీద పడుతుంది, పుండు మీద పడదు. గుండ్రంగా మధ్యలో చిల్లు పెట్టి గాజుగుడ్డ రింగు చుట్టడం మాత్రం చేయకండి. రింగు అంచు చుట్టూ నొక్కి పుండులోకి రక్తం రాకుండా చేస్తుంది. ఫెల్ట్ నలిగి పలచబడుతుంది, దాన్ని కొద్ది రోజులకోసారి మార్చాలి, పైన వదులైన చెప్పు ఉండాలి. ఒకసారి మా డ్రెస్సింగ్ రూమ్‌కి వచ్చి చూస్తే మీరే కత్తిరించగలరు. పిండికట్టు మాత్రం శిక్షణ ఉన్నవాళ్లే వేయాలి. స్పర్శ లేని కాలికి కట్టు లోపల ఎక్కడైనా ఒత్తుకుంటే ఆ కట్టే పుండు చేస్తుంది.

ఆ మిరప రైతు కథ వేలు పోవడంతో అయిపోలేదు. బొటనవేలు, దాని ఎముక తల పోయాక ఆ బరువంతా పక్క ఎముక మీదికి జరుగుతుంది. ఒకసారి మానిన పాదంలో మళ్లీ పుండు పడటం చాలా మామూలు, 100 మందిలో సుమారు 40 మందికి ఏడాదిలోపే వస్తుంది. ఆయనకూ వచ్చింది, రెండో వేలి మొదట్లో. ఈసారి ఆయన భార్య వారం తిరక్కుండా తీసుకొచ్చింది. నాడి బాగా అందుతోంది, ఎరుపు లేదు, ప్రోబ్‌కు ఎముక తగల్లేదు. చుట్టూ ఉన్న ఆనె చెక్కేస్తే పుండు అసలు సైజు బయటపడింది. పొడవు 18 మిల్లీమీటర్లు, వెడల్పు 12. రెండూ గుణిస్తే 216. యాంటీబయోటిక్ ఇవ్వలేదు. మోకాలి కింది దాకా, పాదానికి సరిగ్గా అమరే పిండికట్టు వేశాం. మొదటి కట్టు కొద్ది రోజులకే విప్పి మళ్లీ వేశాం, ఎందుకంటే వాపు తగ్గగానే కట్టు వదులై ఒరుసుకుంటుంది. తర్వాత వారానికోసారి మార్చాం. షుగర్‌కు ఇన్సులిన్ మొదలుపెట్టాం. 4 వారాలకు కొలిస్తే పొడవు 10, వెడల్పు 8. అంటే 80. సగం కన్నా చాలా తక్కువకు దిగింది. ఏడో వారానికి పూడిపోయింది.

ఈ కొలత సంగతి మీరు పట్టుకోవాలని నా కోరిక. స్కేలు పెట్టి పొడవు, వెడల్పు కొలిచి తేదీతో రాసుకోండి. 4 వారాల్లో ఆ గుణింపు సగానికి దిగకపోతే, ఇప్పుడు చేస్తున్న చికిత్సతో 12 వారాలకు మానే ఆశ తక్కువ. కట్టు మార్చుకుంటూ పోకుండా అప్పుడు కారణం వెతకాలి: ఇంకా నడుస్తున్నాడా, రక్తం చాలడం లేదా, ఎముకకు సోకిందా. ఎముకకు సోకితే మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోవచ్చు. మొదటి ఎక్స్‌రే బాగుందని ఊరుకోకుండా మళ్లీ తీయించాలి.

పుండు లేకుండానే ఒక పాదం ఒక్కసారిగా వాచి, ఎర్రగా, రెండోదానికన్నా వేడిగా ఉండి, మనిషి మాత్రం మామూలుగా నడుచుకుంటూ వస్తే అది ఇంకో ప్రమాదం. స్పర్శ పోయిన పాదంలో ఎముకలు, కీళ్లు లోపల చిట్లుతుంటాయి. చార్కో పాదం అంటాం. దాన్ని కీళ్లవాతమనో, చీము పట్టిందనో అనుకుని నడవనిస్తే కొన్ని వారాల్లో అరికాలి వంపు కూలిపోయి పడవ అడుగులా తిరగబడుతుంది, ఆ ఉబ్బు మీదే తర్వాత పుండు పడుతుంది. దీనికీ మొదటి చికిత్స కాలు కింద పెట్టనీయకపోవడమే.

ఏ పుండును ఎప్పుడు పంపాలో చెప్పి ముగిస్తాను. స్పర్శ పోయిన కాలికి అరికాలిలో ఎంత చిన్న పుండు పడినా ఒకటి రెండు రోజుల్లో ఒక్కసారి ఆసుపత్రికి పంపండి. మేము ఆనె చెక్కి, ఎముక చూసి, బరువు దించే ఏర్పాటు చేసి మళ్లీ మీ దగ్గరికే పంపుతాం. డ్రెస్సింగ్ మీ దగ్గరే చేసుకుంటాడు, వారానికో రెండు వారాలకో మాకు చూపిస్తాడు. రోగి మీ చేతిలోంచి పోతాడనే అనుమానం పెట్టుకోకండి. రోజు విడిచి రోజు 40 కిలోమీటర్లు ప్రయాణించి మా దగ్గర కట్టు కట్టించుకోవడం ఏ రైతుకూ కుదరదు, మీరు లేకుండా ఈ పని నడవదు.

ఎరుపు పుండు అంచు దాటి 2 సెంటీమీటర్లు పాకినా, పాదం పైభాగం వాచినా, దుర్వాసన వచ్చినా, నొక్కితే చీము వచ్చినా, చర్మం నల్లబడినా లేదా కింద గాలి ఉన్నట్టు కరకరమన్నా, రోజూ ఉండే షుగర్ కారణం లేకుండా ఒక్కసారిగా పెరిగినా, తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి. జ్వరం లేదు కదా అని ఆగకండి. పాదంలో తీవ్రమైన చీము ఉన్న షుగర్ రోగుల్లో చాలామందికి జ్వరమే రాదు. నొప్పి లేని కాలు అకస్మాత్తుగా నొప్పి పుట్టినా అది మంచి గుర్తు కాదు, లోపల లోతుగా చీము పట్టిందేమో చూడాలి.

పంపేటప్పుడు చిన్న చీటీ రాయండి. పుండు మొదలైన తేదీ, మీరు మొదట కొలిచిన పొడవు, వెడల్పు, ఆరు వేళ్లలో ఎన్నింటికి స్పర్శ ఉంది, రెండు చోట్లా నాడి అందిందా, చివరిగా చూసిన షుగర్ ఎంత. వాడిన యాంటీబయోటిక్ పేరు, ఎన్ని రోజులు వాడారో తప్పకుండా రాయండి. ఏది వాడినా మేం తప్పుపట్టం. అది తెలియకపోతే కల్చర్ రిపోర్టు వచ్చేదాకా ఏ మందు మొదలుపెట్టాలో మాకు తోచదు, ఆ రెండు మూడు రోజులు వేలికీ కాలికీ మధ్య తేడా తెస్తాయి. మా ఆసుపత్రుల్లో మీ చీటీని ఎవరైనా చదవకుండా పక్కన పడేస్తే, ఆ పని మేం సరిదిద్దుకోవాల్సిందే. అలా జరిగితే రోగిని మళ్లీ చీటీతో సహా నేరుగా సర్జికల్ ఓపీకి పంపండి.

నమస్కారాలతో,
ఒక ప్రభుత్వ ఆసుపత్రి సర్జన్